బ్రాకెట్లలోని అంకెలు: పీడీఎఫ్ పట్టికను స్ప్రెడ్‌షీట్‌గా మార్చడంలో మెలకువలు

సస్యరక్షణ విభాగాల్లో పరిశోధన చేసే విద్యార్థులకు పాత సిద్ధాంత గ్రంథాలు తిరగేయడం తప్పని పని. ఒకప్పుడు గ్రంథాలయంలో కూర్చుని పట్టికలను నోటుపుస్తకంలో ఎక్కించుకొనేవారు. ఇప్పుడు భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కృషికోశ్ వంటి భాండాగారాల్లో ఆ గ్రంథాలు పీడీఎఫ్ రూపంలో దొరుకుతున్నాయి. పది గ్రంథాల్లోని పది పట్టికలను ఒక్క స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి, ఏ చికిత్స ఏ మేరకు పనిచేసిందో పోల్చి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. పట్టికను మౌస్‌తో ఎంపిక చేసి, కాపీ చేసి, ఎక్సెల్‌లో అతికించగానే అంకెలన్నీ ఒకే నిలువు వరుసలో కుప్పగా పడతాయి. అవి చక్కగా వేర్వేరు గడుల్లో పడినట్టు కనిపించిన రోజున ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి. కుప్పగా పడినవాటిని చూసి ఎవరూ మోసపోరు. వరుసలు తీరిన పట్టికలో ఒక అంకె అక్షరంగా మిగిలిపోతే మాత్రం దాన్ని ఎవరూ గమనించరు.

ఈ వ్యాసానికి ఒక్క రకం పట్టికను మాత్రమే తీసుకొంటున్నాను. పురుగుల, తెగుళ్ల ప్రయోగాల్లో శాతాలను ఒక వరుసలో ముద్రించి, వాటి కోణీయ పరివర్తన విలువలను కింద బ్రాకెట్లలో ఇస్తారు. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల్లో ఇంత సాధారణమైన పట్టిక లేదు. స్ప్రెడ్‌షీట్‌ను ఇంత తేలికగా తప్పుదారి పట్టించే పట్టిక కూడా అరుదే.

పీడీఎఫ్‌లో పట్టిక ఉండదు

చాలా పీడీఎఫ్ ఫైళ్లలో పట్టిక అనే వస్తువే లేదు. అందులో ఉండేదల్లా ఏ అక్షరాన్ని పుటలో ఎక్కడ, ఏ పరిమాణంలో ముద్రించాలి అన్న సూచనలే. 4.20 అన్న సంఖ్య మొదటి చికిత్సకు చెందినదని గాని, ఏడవ రోజు పరిశీలన అని గాని ఫైలుకు తెలియదు. పుటలో ఫలానా చోట 4, దాని పక్కన చుక్క, ఆపై 2, 0 అని మాత్రమే తెలుసు. గీతలు కూడా విడిగా గీసిన గీతలే. వాటికీ అంకెలకూ సంబంధం మన కంటిలోనే ఉంది. నిర్మాణ వివరాలను పొందుపరచిన పీడీఎఫ్‌లు లేకపోలేదు గాని, సిద్ధాంత గ్రంథాల్లో అవి కనిపించడం తక్కువ.

కాబట్టి ఏ సాధనమైనా చేసే పని ఊహించడమే. అక్షరాల నడుమ ఉన్న ఖాళీని బట్టి గాని, గీసిన గీతలను బట్టి గాని వరుసలను ఊహిస్తుంది. నేరుగా కాపీ చేసి అతికించినప్పుడు ఈ ఖాళీల కొలతలు కూడా పోతాయి. మధ్యలో ఒక గడి ఖాళీగా ఉంటే దాని కుడివైపు అంకెలన్నీ ఎడమకు జరిగి, పద్నాలుగో రోజు అంకె ఏడో రోజు వరుసలో కూర్చొంటుంది. అందుకే ఆ పద్ధతిని విడిచిపెట్టడం మేలు.

సాధనం ఎంచుకొనే ముందు పీడీఎఫ్‌లో ఒక అంకె మీద మౌస్‌తో లాగి చూడాలి. అంకె విడిగా ఎంపిక అయితే ఫైలులో అక్షరాలు ఉన్నాయి. పుట మొత్తం బొమ్మలా ఎంపిక అయినా, అసలు ఏదీ ఎంపిక కాకపోయినా అది స్కాన్ చేసిన ఫైలు. దాని దారి వేరు, చివరలో చూద్దాం. ఎంపిక అయిన అంకెను నోట్‌ప్యాడ్‌లో అతికించి కూడా చూడాలి. పాత తెలుగు ఫాంట్లతో కూర్చిన పుస్తకాల్లో తెరపై తెలుగు చక్కగా కనిపించినా, అతికించినప్పుడు అర్థంలేని గుర్తులు వస్తాయి. అంకెలు సాధారణంగా బాగానే వస్తాయి గాని, చికిత్సల పేర్లను చేత్తో టైపు చేసుకోవలసిందే.

మన ఉదాహరణ

వరిలో కాండం తొలుచు పురుగుపై జరిగిన ప్రయోగంలో మొవ్వులు చనిపోయిన శాతాన్ని, దిగుబడిని చూపే పట్టిక ఒకటి తీసుకొందాం. అంకెలు వివరణ కోసం నేను కూర్చినవి, ఏ ప్రయోగానివీ కావు. నాలుగు చికిత్సలు, ఒక కంట్రోలు. పాప్లర్ సాధనాల్లో ఉన్న `pdftotext -layout` ఆదేశంతో తీస్తే తెరపై ఇలా కనిపిస్తుంది:

```
Treatment     7 DAS     14 DAS    Yield (kg/ha)
T1             4.20      3.10       5,420
             (11.83)   (10.14)
T2             6.50      5.60       5,010
             (14.77)   (13.69)
T3             5.10      4.00       5,265
             (13.05)   (11.54)
T4             8.00      7.20       4,780
             (16.43)   (15.56)
T5 Control    18.00     21.50       3,615*
             (25.10)   (27.62)
```

ఏడో రోజు మొవ్వు చనిపోయిన సగటు శాతం ఎంతో చూద్దాం. పై వరుసల్లోని అయిదు అంకెలు కలిపితే 41.80, సగటు 8.36. ఇప్పుడు ఒక విద్యార్థి ఈ పట్టికను సి.ఎస్.వి. ఫైలుగా మార్చి, దాన్ని రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచాడనుకొందాం. ఎక్సెల్‌కు జమాఖర్చుల అలవాటు ఉంది. బ్రాకెట్లలోని అంకె దానికి రుణ సంఖ్య. (11.83) అన్నది చప్పుడు లేకుండా −11.83 అవుతుంది. పది అంకెల సగటు −3.94 వస్తుంది. చనిపోయిన మొవ్వుల శాతం సున్నాకు దిగువన ఉండదు కనుక ఆ విద్యార్థి ఉలిక్కిపడి వెనక్కి వెళతాడు. ఇది మంచి తప్పు.

చెడ్డ తప్పు తరువాత వస్తుంది. బ్రాకెట్లే ఇబ్బంది అనుకొని, వాటిని ‘ఫైండ్ అండ్ రీప్లేస్’తో తొలగించి మళ్లీ సగటు తీస్తే 12.30 వస్తుంది. చనిపోయిన మొవ్వుల శాతం 12.30 ఉండడంలో వింతేమీ లేదు. ఎవరికీ అనుమానం రాదు. అసలు విలువ 8.36. శాతాలనూ కోణాలనూ కలిపి సగటు కట్టిన ఆ సంఖ్యకు అర్థమే లేదు, అయినా అది సమీక్షా అధ్యాయంలోకి నిరాటంకంగా వెళ్లిపోతుంది.

బ్రాకెట్ల విషయంలో మరో సంగతి ఉంది. పరివర్తన చేసిన విలువలపై విశ్లేషణ జరిగినప్పుడు, పట్టిక అడుగున ఇచ్చే సీడీ విలువ ఆ పరివర్తన విలువలకే వర్తిస్తుంది. రెండు చికిత్సల నడుమ భేదం సార్థకమా కాదా అని చూడాలంటే బ్రాకెట్లలోని అంకెలను పోల్చాలి, పైనున్న శాతాలను కాదు. బ్రాకెట్లు అనవసరమని ఆ వరుసలు తీసేసినవారు తరువాత సీడీని శాతాలతో పోల్చి తప్పు నిర్ణయానికి వస్తారు. కనుక రెండు విలువలూ కావాలి, రెండు వేర్వేరు నిలువు వరుసల్లో కావాలి.

ఊహను మన అదుపులో ఉంచుకోవడం

పట్టికను బయటకు తీయడానికి ట్యాబ్యులా అనే ఉచిత సాధనాన్ని నేను ఎక్కువగా వాడతాను. ప్రభుత్వ నివేదికల్లోని పట్టికలతో విసిగిన పాత్రికేయుల చొరవతో పుట్టినది ఇది. మన కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది, కాబట్టి ఫైలును ఎక్కడికీ పంపనక్కరలేదు. ప్రచురణకు నోచుకోని సమాచారం చేతిలో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఫైలును తెరిచి, కావలసిన పుటలో పట్టిక చుట్టూ మౌస్‌తో ఒక పెట్టె గీయాలి. ఇక్కడే సగం పని పూర్తవుతుంది. శీర్షికలను, అడుగున ఉండే సగటు ప్రామాణిక దోషం, సీడీ, సీవీ వరుసలను పెట్టె బయట వదిలేసి, T1 నుంచి T5 వరకు ఉన్న భాగాన్ని మాత్రమే చేర్చాలి. రెండు మూడు అంతస్తుల శీర్షికలను సరిచేయడానికి పట్టే సమయంలో వాటిని చేత్తో నాలుగుసార్లు టైపు చేయవచ్చు. సీడీ వరుసను అంకెలతో కలిపి తెస్తే అది ఎప్పుడో ఒకప్పుడు సగటులో కలిసిపోతుంది. దాన్ని వేరే షీట్‌లో రాసుకోవాలి.

తరువాత `Preview & Export Extracted Data` నొక్కితే `Stream`, `Lattice` అనే రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది ఖాళీలను బట్టి, రెండవది గీతలను బట్టి గడులను ఊహిస్తుంది. అన్నివైపులా గీతలున్న పట్టికకు `Lattice` మంచిది. మన పరిశోధన పత్రికల్లో, చాలా గ్రంథాల్లో పట్టికలకు మూడే అడ్డగీతలు ఉంటాయి. శీర్షికకు పైన ఒకటి, కింద ఒకటి, పట్టిక అడుగున ఒకటి, నిలువు గీతలు ఉండవు. అటువంటి పట్టికకు `Lattice` వాడితే గడులు సరిగ్గా దొరకవు. కాబట్టి మన ఉదాహరణకు `Stream` ఎంచుకోవాలి. ముందస్తు చూపులో నాలుగు నిలువు వరుసలు, పది అడ్డ వరుసలు ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి. అయిదో నిలువు వరుస కనిపిస్తే, సాధారణంగా ఏదో చికిత్స పేరులోని పదాల నడుమ ఎడం ఎక్కువై, సాధనం దాన్ని రెండుగా చీల్చి ఉంటుంది. పెట్టెను కొంచెం మార్చి గీస్తే చాలాసార్లు సరిపోతుంది. కుదరకపోతే పేర్ల వరుసను వదిలి అంకెలను మాత్రమే తీసుకోవచ్చు.

విండోస్‌పై మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవారికి ఎక్సెల్‌లోనే `Data > Get Data > From File > From PDF` అన్న మార్గం ఉంది. చాలా పుటలున్న పట్టికలకు అది అనుకూలమే. కాని అందులో పెట్టెను మనం గీయలేము, పట్టిక హద్దులను అదే నిర్ణయిస్తుంది. పైగా శాతాన్నీ దాని కింది బ్రాకెట్ విలువనూ అది ఒకే గడిలో చేర్చే సందర్భాలు ఉంటాయి. బ్రాకెట్ల పట్టికల మటుకు నా ఓటు ట్యాబ్యులాకే.

ముందు అన్నీ అక్షరాలుగానే

సి.ఎస్.వి.గా ఎగుమతి చేసిన ఫైలును రెండుసార్లు నొక్కి తెరవకూడదు. అలా తెరిస్తే ప్రతి గడిలో ఏముందో ఎక్సెల్ తానే నిర్ణయించుకొని, మన అనుమతి లేకుండా మార్చేస్తుంది. బ్రాకెట్లు రుణ సంఖ్యలవుతాయి. 5-10 అని రాసిన మోతాదు తేదీ అవుతుంది. ఆదాయ వ్యయాల నిష్పత్తిని 1:2 అని రాస్తే గడియారపు వేళ అవుతుంది. ఈ మార్పు జరిగాక అసలు గడిలో ఏముండేదో ఆ షీట్‌ను చూసి చెప్పలేము.

దీనికి మారుగా ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, `Data > From Text/CSV` ద్వారా ఫైలును ఎంచుకోవాలి. ముందస్తు చూపు కిటికీలో `Data Type Detection` అన్న చోట `Do not detect data types` ఎంచుకొని `Load` నొక్కాలి. లిబ్రెఆఫీస్ వాడేవారు దిగుమతి కిటికీలో నిలువు వరుసలన్నిటినీ ఎంపిక చేసి, వాటి రకాన్ని `Text` అని మార్చాలి. ఇప్పుడు అంకెలన్నీ గడిలో ఎడమవైపుకు ఆనుకొని ఉంటాయి. ఎక్సెల్ సంఖ్యలను కుడివైపున, అక్షరాలను ఎడమవైపున పెడుతుంది. అన్నీ ఎడమవైపే ఉంటే ఎక్సెల్ దేన్నీ ముట్టలేదని అర్థం. చూడడానికి ఇది వెనకడుగులా ఉంటుంది గాని, కోరి వేసిన అడుగే.

ఈ షీట్‌కు `Raw` అని పేరు పెట్టి, ఇకపై దాన్ని కదపకూడదు. మొదటి వరుసలో ఎక్సెల్ ఇచ్చిన `Column1` వంటి పేర్లు, రెండో వరుస నుంచి పదకొండో వరుస వరకు మన పట్టిక ఉంటాయి. ఎక్కడైనా ఖాళీ గడిలో ఈ సూత్రం వేసి చూడండి:

```
=COUNTIF(Raw!B2:B11,"(*")
```

బ్రాకెట్‌తో మొదలయ్యే గడులు ఎన్నో ఇది చెబుతుంది. అయిదు రావాలి. సున్నా వస్తే బ్రాకెట్లు అప్పటికే రుణ సంఖ్యలైపోయాయి, దిగుమతి మళ్లీ చేయాలి. నాలుగో ఆరో వస్తే వరుసలు ఎక్కడో కలిసిపోయాయి లేదా విడిపోయాయి. పొడవైన చికిత్స పేరు మూడు పంక్తుల్లో ముద్రించి ఉంటే మధ్యలో ఒక ఖాళీ వరుస చేరుతుంది. అప్పుడు బ్రాకెట్ల లెక్క సరిపోయినా మొత్తం వరుసల లెక్క సరిపోదు. కనుక రెండూ చూసుకోవాలి.

రెండు వరుసలను ఒక వరుసగా మలచడం

రెండో షీట్‌లో ఒక చికిత్సకు ఒకే అడ్డ వరుస ఉండాలి: చికిత్స, ఏడో రోజు శాతం, దాని కోణం, పద్నాలుగో రోజు శాతం, దాని కోణం, దిగుబడి. `Raw` షీట్‌లో సరి వరుసల్లో శాతాలు, బేసి వరుసల్లో కోణాలు ఉన్నాయి కనుక రెండో వరుసలో ఈ సూత్రాలను రాసి ఆరో వరుస దాకా లాగితే చాలు:

```
A2: =INDEX(Raw!A:A,2*ROW()-2)
B2: =NUMBERVALUE(INDEX(Raw!B:B,2*ROW()-2),".",",")
C2: =NUMBERVALUE(SUBSTITUTE(SUBSTITUTE(
     INDEX(Raw!B:B,2*ROW()-1),"(",""),")",""),".",",")
```

D, E నిలువు వరుసలకు `Raw!C:C`, F వరుసకు `Raw!D:D` పెట్టుకోవాలి. రెండో వరుసలో `2*ROW()-2` విలువ 2, మూడో వరుసలో 4, ఆరో వరుసలో 10 అవుతుంది. అంటే ఒక్కో చికిత్సకు రెండేసి వరుసలు దాటుతూ పోతుంది.

`NUMBERVALUE` అనే ప్రమేయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. దశాంశ బిందువు ఏది, అంకెలను విడదీసే గుర్తు ఏది అన్నది మనమే దానికి చెబుతాము. కంప్యూటర్ ఏ దేశపు అమరికలో ఉన్నా ఫలితం మారదు. మన పద్ధతిలో 1,12,500 అని లక్షల వద్ద కామా పెట్టినా తడబడదు. దానికి ఒక లోపం లేకపోలేదు. ఖాళీ గడిని ఇస్తే సున్నా ఇస్తుంది. ప్రయోగంలో సున్నా శాతం నష్టం వేరు, ఆ రోజు పరిశీలన తీసుకోకపోవడం వేరు. కాబట్టి పీడీఎఫ్‌లో ఖాళీ గడులు ఉన్నాయని తెలిసినప్పుడు, సున్నా వచ్చిన ప్రతి గడినీ మూలంతో సరిచూసి, పరిశీలన లేని చోట గడిని ఖాళీగా ఉంచాలి.

మన ఉదాహరణలో సూత్రాన్ని కిందికి లాగగానే F6 గడిలో `#VALUE!` అని వస్తుంది. కంట్రోలు దిగుబడి పక్కన ఉన్న నక్షత్రపు గుర్తు దీనికి కారణం. విసుగుపడి దీన్ని `IFERROR(...,0)`తో కప్పేసేవారు ఉన్నారు. అలా చేస్తే కంట్రోలు మడిలో దిగుబడి సున్నా అవుతుంది. ఆ గుర్తు ఎందుకు పెట్టారో పీడీఎఫ్ పుట అడుగున చూడాలి. ఒక పునరావృతం ముంపుకు గురైందనో, రెండు మళ్ల సగటు మాత్రమే అనో అక్కడ ఉండవచ్చు. ఆ సంగతిని పక్కన ‘గమనిక’ అన్న నిలువు వరుసలో రాసుకొని, 3615 అంకెను ఆ గడిలో చేత్తో రాయాలి.

నక్షత్రం అయితే ఇలా తప్పు బయటపడుతుంది. భేదాలను చూపే a, ab వంటి చిన్న అక్షరాలు అంకె పక్కన ఉన్నా బయటపడుతుంది. అధోసూచిక సంఖ్య రూపంలో ఉంటేనే ప్రమాదం. 3,615 పైన చిన్న 1 ఉంటే పీడీఎఫ్ నుంచి 3,6151గా వస్తుంది. కామాలు ఎక్కడున్నా పట్టించుకోని `NUMBERVALUE` దాన్ని 36151 చేస్తుంది. హెక్టారుకు ముప్పై ఆరు టన్నుల వరి ఎక్కడా పండదు కనుక నిలువు వరుస గరిష్ఠ విలువను `MAX`తో చూస్తే చాలు, దొరికిపోతుంది.

కంటికి కనిపించని ఒక ఖాళీ గుర్తు కూడా ఉంది. పీడీఎఫ్ నుంచి వచ్చే అంకెల వెనుక పంక్తి విరగకుండా ఆపే ప్రత్యేకమైన ఖాళీ అంటుకొని రావచ్చు. మామూలు ఖాళీలను తుడిచే `TRIM` దాన్ని తుడవదు. అంకె సలక్షణంగా కనిపిస్తూనే సంఖ్యగా మారనని మొండికేస్తే, ముందుగా `SUBSTITUTE(గడి,CHAR(160),"")`తో ఆ ఖాళీని తొలగించి చూడాలి. `గడి` అన్న చోట ఆ గడి పేరు రాసుకోవాలి.

అక్షరంగా మిగిలిన అంకె ఏం చేస్తుంది

కొందరు సూత్రాల జోలికి పోకుండా గడులను ఒక్కొక్కటిగా చేత్తో సరిచేస్తారు. పట్టిక చిన్నదైతే తప్పులేదు. ఆ పద్ధతిలో కంట్రోలు దిగుబడి మాత్రం ‘3,615*’ అని అక్షరంగానే మిగిలిపోయిందనుకొందాం. దిగుబడి నిలువు వరుసకు `AVERAGE` వేస్తే ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వదు. అక్షరం ఉన్న గడిని దాటవేసి, మిగిలిన నాలుగింటి సగటును 5118.75 అని చూపుతుంది. అయిదు దిగుబడుల అసలు సగటు 4818. హెక్టారుకు మూడు వందల కిలోల తేడా, అదీ కంట్రోలు లేకుండా పోయినందువల్ల వచ్చిన తేడా. `SUM` కూడా ఇలాగే దాటవేస్తుంది. గడిని మధ్యకు అమర్చే అలవాటు ఉన్నవారికి కుడి ఎడమల ఆనవాలు కూడా దొరకదు.

ఈ తప్పును పట్టడానికి రెండు సూత్రాలు చాలు:

```
=COUNTA(F2:F6)
=COUNT(F2:F6)
```

మొదటిది నిండిన గడులను, రెండవది సంఖ్యలున్న గడులను మాత్రమే లెక్కపెడుతుంది. రెండూ సమానం కావాలి. మొదటిది 5, రెండవది 4 అయితే ఒక అంకె ఇంకా అక్షరంగా ఉంది. ప్రతి నిలువు వరుస కింద ఈ జంటను ఉంచడం నాకు అలవాటైపోయింది. గడుల అమరికను `General`గాను, ఎడమ కుడి అమరికను మామూలుగాను ఉంచితే, ఎడమకు ఆనుకొన్న గడి ఏదో చూపుకు కూడా దొరుకుతుంది.

పట్టికే ఇచ్చే సాక్ష్యం

సంఖ్య అయినంత మాత్రాన అది సరైన సంఖ్య అనలేము. సాధారణంగా దీన్ని తేల్చాలంటే మూలం పక్కన పెట్టుకొని ప్రతి అంకెనూ చదవాలి. బ్రాకెట్ల పట్టికకు ఒక అదృష్టం ఉంది. అందులో ప్రతి సమాచారం రెండుసార్లు ముద్రించి ఉంటుంది, ఒకసారి శాతంగా, ఒకసారి కోణంగా. శాతాన్ని నూటితో భాగించి, వర్గమూలం తీసి, దాని విలోమ సైన్‌ను డిగ్రీల్లో రాస్తే కోణం వస్తుంది. కాబట్టి ఒకటి రెండోదానికి సాక్షి:

```
=ABS(DEGREES(ASIN(SQRT(B2/100)))-C2)
```

మన ఉదాహరణలో 4.20 శాతానికి 11.83, కంట్రోలులో 18.00 శాతానికి 25.10 సరిగ్గా వస్తాయి, తేడా సున్నాకు అతి దగ్గరగా ఉంటుంది. 18.00 అన్నది ఎక్కడో 13.00గా మారితే దాని కోణం 21.13 కావాలి. పట్టికలో 25.10 ఉంది కనుక దాదాపు నాలుగు డిగ్రీల తేడా ఎత్తి చూపుతుంది. 4.20లో చుక్క ఎగిరిపోయి 420 అయితే వర్గమూలం ఒకటిని మించిపోయి `#NUM!` వస్తుంది. ఏడో రోజు శాతం పక్కన పద్నాలుగో రోజు కోణం చేరినా ఇదే సూత్రం పట్టిస్తుంది. అంటే నిలువు వరుసలు సరిగ్గా పడ్డాయా, అంకెలు సరిగ్గా చదివామా అన్న రెండు ప్రశ్నలకూ ఇదే జవాబు.

ఈ సాక్ష్యానికి హద్దులు ఉన్నాయి. నా ఉదాహరణలో కోణాలను సగటు శాతం నుంచే లెక్కకట్టాను. అసలైన గ్రంథాల్లో పరిశోధకులు ఒక్కో పునరావృతపు శాతాన్ని విడిగా కోణంగా మార్చి, ఆ కోణాల సగటును బ్రాకెట్లో ఇస్తుంటారు. సగటు శాతపు కోణం, కోణాల సగటు ఒకటి కావు. శాతాలు యాభైకి లోపు ఉన్నప్పుడు రెండోది కాస్త తక్కువగా ఉంటుంది. పునరావృతాల నడుమ తేడా ఎక్కువగా ఉన్నకొద్దీ ఈ ఎడం పెరుగుతుంది. కాబట్టి అన్ని వరుసల్లోనూ చిన్న తేడా, అదీ ఒకే వైపు కనిపిస్తే ఆందోళన అక్కరలేదు. ఒక్క వరుసలో మాత్రం తేడా మిగతావాటిని మించి ఉంటే ఆ వరుసను మూలంతో సరిచూడాలి. సున్నా శాతం, నూరు శాతం ఉన్న గడులకు కొందరు పరివర్తనకు ముందే చిన్న సవరణ చేస్తారు, అక్కడ ఈ పరీక్ష సరిపోలకపోవడం సహజం. శాతాలు కాక పురుగుల సంఖ్యలు ఉన్న పట్టికలో బ్రాకెట్ విలువ సాధారణంగా వర్గమూలం గాని, అర కలిపి తీసిన వర్గమూలం గాని అయి ఉంటుంది. పట్టిక కింద ఏ పరివర్తన అని రాశారో చదివి, `=SQRT(B2+0.5)` వంటి సూత్రం వాడుకోవాలి.

స్కాన్ చేసిన పుటలు

టైపు మిషన్ మీద కొట్టిన పాత గ్రంథాలు బొమ్మలుగానే ఉంటాయి. ట్యాబ్యులా వాటిని చదవలేదు. ముందుగా అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాధనంతో వాటికి అక్షరాల పొర చేర్చాలి. అక్కడ కొత్త రకం తప్పులు మొదలవుతాయి. సున్నా ఆంగ్ల అక్షరం O అవుతుంది, ఒకటి l అవుతుంది. ఇవి సంఖ్యగా మారవు కనుక పట్టుబడతాయి. 3, 8 తారుమారైనా, మసకబారిన చుక్క మాయమైనా పట్టుబడవు, సంఖ్యలు సంఖ్యలుగానే ఉంటాయి. బ్రాకెట్ల పట్టికలో ఈ తప్పులను కోణాల పరీక్ష పట్టుకొంటుంది. దిగుబడి నిలువు వరుసకు అటువంటి సాక్షి లేదు కనుక దాన్ని మాత్రం మూలంతో ఒక్కొక్క అంకెగా చదువుకోవాలి.

శాతం పూర్తిగా చెరిగిపోయి, కోణం మాత్రం చదవగలిగేలా ఉన్న పుటలూ తగులుతాయి. అప్పుడు `=100*SIN(RADIANS(25.10))^2` అని వేస్తే 17.99 వస్తుంది. అసలు ముద్రించినది 18.00 అయి ఉండవచ్చు. ఇలా రాబట్టిన అంకెను వేరే రంగులో ఉంచి, అది ముద్రిత విలువ కాదని గమనిక వరుసలో రాయాలి. కోణాల సగటు నుంచి వెనక్కి వచ్చిన శాతం మూలంలోని సగటు శాతం కంటే కొద్దిగా తక్కువగా ఉండే అవకాశం ఉంది.

అయిదు చికిత్సలున్న ఒకే ఒక్క స్కాన్ పట్టిక కోసం ఇంత ప్రయాస నేను పడను. ఇద్దరు విద్యార్థులు విడివిడిగా టైపు చేసి, మూడో షీట్‌లో ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తే, సున్నా కాని గడి దగ్గర ఇద్దరిలో ఒకరు పొరబడ్డారని తెలుస్తుంది. ఇరవై అయిదు అంకెలకు పది నిమిషాల పని. పుటల కొద్దీ పట్టికలున్నప్పుడు, అక్షరాల పొర ఉన్న ఫైళ్లు చేతిలో ఉన్నప్పుడు ట్యాబ్యులా, `Raw` షీట్, ఆ మూడు సూత్రాలు పనికివస్తాయి. ఒకసారి కట్టుకొన్న రెండో షీట్‌ను అదే అమరికలో ఉన్న మరో పట్టికకు వాడుకోవాలంటే `Raw`లోని అంకెలను మార్చితే సరిపోతుంది. చికిత్సలు అయిదు కాక తొమ్మిది ఉంటే సూత్రాలను పదో వరుస దాకా లాగి, బ్రాకెట్ల లెక్కలో హద్దును 19వ వరుసకు మార్చుకోవాలి.